కొటేషన్ రాయడం నేర్చుకుందాం - 6వ పాఠం: పంపేసిన కొటేషన్‌లో తప్పు దొరికితే

గత పాఠంలో కొటేషన్ కింద రాసే షరతుల గురించి చెప్పుకున్నాం: గడువు, రవాణా, అడ్వాన్సు. ఇప్పుడు అన్నీ సరిగ్గా రాసి పంపేశాక, రెండు రోజుల తర్వాత రాత్రి పదింటికి ఆ ఫైలు మళ్ళీ తెరిచి చూసి గుండె జారిన సందర్భం. నాకు జరిగినదే చెప్తాను. అంకెలు మాత్రం మీకు లెక్క తేలిగ్గా ఉండేలా సర్దాను.

మాది స్టీలు ఫర్నిచర్ షెడ్డు. ఒక ప్రైవేటు స్కూలు 120 డ్యుయల్ డెస్కులు అడిగింది. అంటే ఇద్దరు పిల్లలు కూర్చునే బెంచీ, బల్ల కలిసిన సెట్టు. ఫ్రేముకి అంగుళం చదరం ట్యూబు, 16 గేజు అని వాళ్ళే రాశారు. మేము ఒక్కోటి 4,150 రూపాయలకు కొటేషన్ ఇచ్చాం, జీఎస్టీ అదనం. తప్పు ఎక్కడంటే, కాగితం మీద 16 గేజు అని ఉంది కానీ ధర 18 గేజుకి కట్టాం. పాత ఆర్డరు ఎక్సెల్ షీటు కాపీ చేసుకుని, ట్యూబు బరువు ఉన్న గడి మార్చడం మర్చిపోయాం.

మొదట చేయాల్సింది, తప్పు ఎంత అనేది రూపాయల్లో తేల్చుకోవడం. టెన్షన్‌లో ముందే ఫోన్ తీస్తే, "కొంచెం తేడా వచ్చిందండీ" అంటాం. ఆ "కొంచెం" ఎంతో తెలియక అవతలివాళ్ళు ఎక్కువే ఊహించుకుంటారు. 18 గేజు అంటే 1.2 మిల్లీమీటర్ల మందం, 16 గేజు అంటే 1.6. అంగుళం చదరం ట్యూబు మీటరుకి మొదటిది సుమారు 0.90 కిలోలు, రెండోది 1.18 కిలోలు తూగుతుంది. ఒక డెస్కుకి 11 మీటర్లు పడుతుంది కాబట్టి తేడా మూడు కిలోల పైచిలుకు. కిలో 70 రూపాయల చొప్పున, కోతలో పోయే ముక్కల తరుగు కలుపుకుంటే డెస్కుకి 225. అసలు ధర 4,375 ఉండాలి.

ఈ లెక్కను కొనేవాళ్ళ వైపు నుంచి కూడా వేయాలి. 120 డెస్కులకు పాత మొత్తం 4,98,000, కొత్తది 5,25,000. మన కళ్ళకు తేడా 27,000. కానీ స్కూలు తీసుకునే ఫీజుల మీద జీఎస్టీ ఉండదు కాబట్టి, మనకు కట్టిన 18 శాతం పన్నును వాళ్ళు తిరిగి తీసుకోలేరు. వాళ్ళ జేబులోంచి పోయేది 31,860. మనం ఫోన్లో 27,000 అని చెప్పి, తర్వాత వాళ్ళ అకౌంటెంట్ 31,860 తేల్చితే రెండోసారి తప్పు చేసినవాళ్ళం అవుతాం. అదే కొనేది జీఎస్టీ రిటర్న్ వేసి పన్ను వెనక్కి తీసుకునే కంపెనీ అయితే 27,000 అని చెప్పడమే సరి.

రెండోది, అవతల పని ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవాలి. వాళ్ళు ఇంకా చూడలేదా, ఇతర కొటేషన్లతో పక్కపక్కన పెట్టి పట్టిక వేశారా, పీవో, అంటే కొనుగోలు ఆర్డరు, ఇచ్చేశారా? ఈ మూడింటికీ మన జవాబు ఒకటి కాదు. భారత కాంట్రాక్టు చట్టం (1872) 5వ సెక్షన్ ప్రకారం, అవతలివాళ్ళ అంగీకారం పూర్తయ్యేలోపు మన ప్రతిపాదనను వెనక్కి తీసుకోవచ్చు, ఆ తర్వాత కుదరదు. 4వ సెక్షన్‌లో ఇంకో మెలిక ఉంది. మనం వెనక్కి తీసుకున్న సంగతి వాళ్ళకు తెలిసినప్పుడే లెక్కలోకి వస్తుంది. రాత్రి మెయిల్ కొట్టి పడుకున్నాం, పొద్దున వాళ్ళు అది చూడకుండానే పీవో పంపేశారంటే మన మెయిల్ ఆదుకోదు. పీవో వచ్చాక "నేను పొరపాటు పడ్డాను" అనడం కూడా పనికిరాదు. ఒకరి పక్షాన జరిగిన పొరపాటు వల్ల మాత్రమే ఒప్పందం రద్దు చేసుకోలేరని 22వ సెక్షన్ చెబుతుంది. అందుకే ముందు ఫోన్, తర్వాత కాగితం.

మా విషయంలో ఇంకా పీవో రాలేదు. శనివారం మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగ్, ఇది గురువారం. పట్టిక మాత్రం తయారైపోయింది. పొద్దున స్కూలు మొదలవకముందే కరస్పాండెంట్ గారికి ఫోన్ చేశాను. మాట ఇలా నడిచింది:

"నమస్కారం సార్. డెస్కుల కొటేషన్ గురించి. అందులో మా వైపు తప్పు ఒకటి జరిగింది. మీటింగ్‌కి ముందే మీకు చెప్పాలని చేశాను."

"ఏమైందండీ?"

"కాగితం మీద 16 గేజు అని రాశాం. రేటు మాత్రం 18 గేజుకి కట్టాం. 16 గేజుకి 4,375 అవుతుంది. పన్నుతో కలిపి మీకు మొత్తం 31,860 పెరుగుతుంది."

"నేను పట్టిక కూడా వేసేశాను కదండీ! అందరికంటే మీదే తక్కువని చెప్పేశాను."

"అవును సార్, మీకు ఇబ్బందే. గంటలో సవరించిన కాగితం పంపుతాను, ఏం మారిందో అందులో స్పష్టంగా ఉంటుంది."

ఇందులో లేనివి గమనించండి. ఆఫీసు కుర్రాడు కొట్టాడని అనలేదు. కింద సంతకం నాది, కుర్రాడి పేరెత్తితే నేను చూడకుండా సంతకం పెడతానని చెప్పుకున్నట్టే. టైపింగ్ మిస్టేక్ అని కూడా అనలేదు. చాలామంది చేసేది ఇదే, దొరికిపోయేదీ ఇక్కడే. టైపింగ్‌లో తప్పు పడితే రేటు ఒకటి, మొత్తం ఇంకొకటి ఉంటాయి. ఇక్కడ 4,150ని 120తో గుణిస్తే సరిగ్గా 4,98,000 వస్తోంది. అకౌంట్లు చూసే మనిషి అర నిమిషంలో పట్టేస్తాడు. అప్పుడు తప్పు పక్కకు పోయి, అబద్ధం మిగులుతుంది.

ఇక కాగితం. పాత నంబరుతోనే కొత్త పీడీఎఫ్ పంపి "ఇది చూడండి సార్" అంటే, రేపు కమిటీ చేతిలో ఒకే నంబరుతో రెండు ధరలు ఉంటాయి. నంబరు చివర R1 చేర్చాలి, కొత్త తేదీ వేయాలి, పాతది ఇక చెల్లదని ఒక వాక్యం రాయాలి. నేను పంపిన కవరింగ్ లేఖ:

"మా కొటేషన్ 47కి బదులుగా 47-R1 పంపుతున్నాం. పాతదాన్ని దయచేసి పక్కన పెట్టండి. మార్పు ఒక్కటే: ట్యూబు 16 గేజు అని రాసి, ధర పొరపాటున 18 గేజుకి లెక్కించాం. డెస్కు ధర 4,150 బదులు 4,375. కొలతలు, ప్లైవుడ్, పౌడర్ కోటింగ్, రవాణా, డెలివరీ రోజులు ఏవీ మారలేదు. పాత ధరకే కావాలంటే 18 గేజుతో చేసి ఇవ్వగలం. అయితే మీరు అడిగింది 16 గేజు కాబట్టి దాన్ని ఇతరుల 16 గేజు ధరతో పోల్చవద్దని మనవి."

"మార్పు ఒక్కటే" అన్న మాట నిజంగా ఒక్కటే కావాలి. ఎలాగూ మారుస్తున్నాం కదా, ప్లైవుడ్ రేటు కూడా పెరిగింది, అదో యాభై కలిపేద్దాం అని చెయ్యి దురద పెడుతుంది. నాకూ పెట్టింది. అలా కలిపితే తప్పు అనేది ధర పెంచడానికి దొరికిన సాకులా కనిపిస్తుంది.

18 గేజు గురించి చివరి వాక్యం రాయడం మాకు నష్టమే. రాయకపోతే పట్టికలో మాది తక్కువగానే ఉండిపోయేది. కానీ చిన్న పిల్లలకైతే సరిపోయే 18 గేజు, తొమ్మిది, పది తరగతుల పిల్లలు వెనక్కి ఊగే బెంచీలో వెల్డింగు దగ్గర ముందుగా పగులుతుంది. ఇంకో దారి కూడా ఉందని చెప్పనక్కర్లేదు: ఏమీ మాట్లాడకుండా 18 గేజు వేసి పంపడం. కాలి కింద ప్లాస్టిక్ బుష్ తీసి, రంగు పడని అంచు దగ్గర వెర్నియర్ పెడితే తెలిసిపోతుంది. వెర్నియర్ లేకపోయినా తూకం వేస్తే డెస్కుకి మూడు కిలోలు తక్కువ.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. "ఇంకొకాయన 4,290 ఇచ్చారు. మీరు ఆ రేటుకి రాగలరా?"

ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే చోటు ఇదే. సరిదిద్దిన లెక్కలో డెస్కుకి నాకు 380 మిగులుతుంది. కొంత తగ్గించగలను. కానీ దిద్దుబాటునూ, బేరాన్నీ ఒకే కాగితంలో కలపకూడదు. R1ని వెంటనే 4,290 చేసి పంపితే, పొద్దున చెప్పిన 4,375 అబద్ధమా అన్న అనుమానం వస్తుంది. గేజు తప్పు అన్నదంతా బేరం కోసం ఆడిన నాటకంలా తోస్తుంది. అందుకే R1ని అలాగే ఉంచి, 47-R2లో 4,375 రాసి, దాని కింద "120 డెస్కుల ఆర్డరుకి తగ్గింపు 75" అని వేరే వరుసలో చూపించి, 4,300 ఇచ్చాను. పది రూపాయలు ఎక్కువే ఉండనిచ్చాను. పక్కవాళ్ళ అంకె వినగానే దానికి ఐదు తక్కువ చెప్పేవాడి అసలు ధర ఎంతో ఎవరికీ తెలియదు కదా.

ఆర్డరు వచ్చింది, కానీ ఒక షరతుతో. ముందు ఒక డెస్కు నమూనాగా పంపాలి, ట్యూబు కోసి చూపించాలి. మా మేస్త్రీకి కోపం వచ్చింది, "మనం దొంగలమా?" అన్నాడు. ఒకసారి తప్పు చేసిన మనిషిని తర్వాత రెండుసార్లు చూస్తారు, అంతే. నమూనాతో పాటు రంగు వేయని అడుగు పొడవు ట్యూబు ముక్క కూడా పంపాం.

పీవో అప్పటికే వచ్చి ఉంటే? 4,150కే 16 గేజు వేసినా డెస్కుకి 155 మిగిలేది. నష్టం లేదు కాబట్టి నోరు మూసుకుని చేసి ఇచ్చేవాణ్ణి. తప్పు జరిగిందని తర్వాత చెప్పి మెచ్చుకోలు ఆశించడం కూడా అనవసరం. మళ్ళీ అడిగినప్పుడు ధర ఎందుకు పెరిగిందో చెప్పాలి కాబట్టి, ఇన్వాయిస్‌తో పాటు ఒక్క వాక్యం చాలు. చేతి డబ్బు పోయేంత తప్పయితే మాత్రం లెక్క కాగితం పట్టుకుని మనిషే వెళ్ళి అడగాలి. అక్కడ వాళ్ళు ఒప్పుకుంటే అది దయ, మన హక్కు కాదు.

ఇంకో పని మర్చిపోకండి. తప్పు షీటులో ఉంది కాబట్టి అది ఒక్క కొటేషన్‌తో ఆగి ఉండదు. ఆ రాత్రే ఆ షీటు నుంచి పుట్టినవన్నీ వెతికాను, ఇంకో రెండు దొరికాయి. ఒకదానిలో తప్పు తిరగబడింది: 18 గేజు అడిగినవాళ్ళకు 16 ధర వేశాం. అదీ అదే పద్ధతిలో, అదే రోజు తగ్గించి పంపాం.

అభ్యాసం: మీరు ఒక హాస్టల్‌కి 60 మంచాలు ఒక్కోటి 5,200కి, రవాణాతో కలిపి, కొటేషన్ ఇచ్చారు. రవాణా 9,000 లెక్కలో కలపడం మర్చిపోయారు. కాగితం మీద మాత్రం "రవాణాతో కలిపి" అనే ఉంది. వార్డెన్ గారు వాట్సాప్‌లో "ఓకే, పీవో రేపు పంపుతాం" అన్నారు. మంచానికి మీకు మిగిలేది 410. ఫోన్ చేస్తారా, చేయరా? చేస్తే మొదటి రెండు వాక్యాలు రాయండి, చేయకపోతే ఎందుకో రాయండి. ఆ "ఓకే" అంగీకారమా కాదా అనే దానితో 7వ పాఠం మొదలుపెడదాం.