ఈఎంఐ ఈ నెల ఏ రోజు పడుతుంది? వాయిదాల క్యాలెండర్ మీరే వేసుకోవడం ఎలా

ప్రతి నెలా 31న వాయిదా కట్టాలని ఒప్పుకుని ఒకాయన లోన్ తీసుకున్నాడనుకుందాం. మొదటి వాయిదా 2026 జనవరి 31. రెండోది వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. ఫిబ్రవరికి 31వ తేదీయే లేదు. పోనీ చివరి రోజైన 28న కడదామంటే అది నాలుగో శనివారం, బ్యాంకుకు సెలవు. మర్నాడు ఆదివారం. మరి డబ్బు 28నే పోతుందా, మార్చి 2 సోమవారం దాకా ఆగుతుందా? ఒక కాగితం, ఒక ఎక్సెల్ షీటు ముందు పెట్టుకుంటే ఇది మనమే తేల్చుకోవచ్చు.

ముందు ఒప్పందం తీసి చదవండి

లోన్ ఒప్పందంలోనూ, దానితో ఇచ్చే వాయిదాల పట్టికలోనూ రెండు సంగతులు వెతకాలి. మొదటిది, గడువును అంకెలో చెప్పారా, "నెలాఖరు" అన్నారా అన్నది. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది గానీ కావు. గడువు 30వ తేదీ అయితే ఫిబ్రవరిలో 28కి తగ్గి, మార్చిలో మళ్లీ 30కి వస్తుంది. నెలాఖరు అయితే మార్చిలో 31కి పోతుంది.

రెండోది, గడువు సెలవు రోజున పడితే ఏం చేయాలన్న వాక్యం. "సెలవైతే మర్నాడు కట్టొచ్చులే" అని చాలామంది ధీమాగా ఉంటారు. అలాగని నియమమేమీ లేదు. పైగా ప్రామిసరీ నోట్లకు వర్తించే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ఇందుకు ఎదురు చెబుతుంది. గడువు రోజు సెలవైతే దానికి ముందరి పనిదినమే గడువు అంటుంది 25వ సెక్షన్. నెలలో ఆ తేదీయే లేకపోతే ఆ నెల చివరి రోజు లెక్కకు వస్తుందని 23వ సెక్షన్ చెబుతుంది. మీ లోన్‌కు మాత్రం మీ ఒప్పందంలోని వాక్యమే చూసుకోవాలి. ఈ గొడవంతా లేకుండానే చాలా సంస్థలు 2, 5, 10 లాంటి తేదీలు ఇస్తుంటాయి. అవి ప్రతి నెలలోనూ ఉంటాయి మరి.

షీటులో తేదీలు వేయండి

A1 గడిలో మొదటి గడువు తేదీ రాయండి. కింది తేదీలకు చాలామంది పై గడికి ఒక నెల కలుపుతూ పోతారు. తప్పు ఇక్కడే దొర్లుతుంది. జనవరి 31కి నెల కలిపితే ఫిబ్రవరి 28. ఆ 28కి నెల కలిపితే మార్చి 28. ఇక అక్కడి నుంచి 31 అన్నది ఎప్పటికీ తిరిగి రాదు. అందుకే ప్రతిసారీ మొదటి తేదీ నుంచే లెక్కించాలి. A2లో ఇది రాసి కిందికి లాగండి:

```
=EDATE($A$1,ROW()-1)
```

ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 30 అని సరిగ్గా వస్తాయి. తేదీకి బదులు పెద్ద అంకె కనిపిస్తే ఆ గడుల ఫార్మాట్‌ను Dateకి మార్చండి. గడువు నెలాఖరు అయితే `EDATE` బదులు `EOMONTH` వాడాలి.

ఇక సెలవులు. H కాలమ్‌లో మీ రాష్ట్రపు బ్యాంకు సెలవులు, రెండో, నాలుగో శనివారాల తేదీలు రాసుకోండి. 2015 సెప్టెంబరు నుంచి ఆ రెండు శనివారాలూ బ్యాంకులకు సెలవే. జాబితా అన్ని చోట్లా ఒకటి కాదు. ఉగాదికి హైదరాబాద్‌లో బ్యాంకు మూసి ఉంటే కోల్‌కతాలో తెరిచే ఉంటుంది. B2లో ఇది వేసి కిందికి లాగండి:

```
=WORKDAY.INTL(A2-1,1,11,$H$1:$H$400)
```

ఇందులో 11 అంటే వారానికి ఆదివారం ఒక్కటే సెలవని అర్థం. మామూలు `WORKDAY` అన్ని శనివారాలనూ సెలవు కింద తీసేస్తుంది, మన బ్యాంకులకు అది పనికిరాదు. ఇప్పుడు A2లో ఫిబ్రవరి 28, B2లో మార్చి 2 కనిపిస్తాయి.

మీ డబ్బు ఏ దారిలో పోతుందో చూడండి

ఈ రెండు తేదీల్లో మీది ఏదన్నది డబ్బు పోయే దారిని బట్టి ఉంటుంది. పోస్ట్ డేటెడ్ చెక్కులు ఇచ్చి ఉంటే B తేదీ చూసుకోండి. సెలవు రోజున చెక్కు క్లియరింగ్ జరగదు కాబట్టి 28 నాటి చెక్కు తర్వాతి పనిదినానికి వెళ్తుంది. పాస్‌బుక్కులో `NACH` లేదా `ACH` అని కనిపించే ఆటో డెబిట్ అయితే A తేదీయే. ఒకప్పుడు ఇదీ బ్యాంకులు పనిచేసే రోజుల్లోనే నడిచేది. 2021 ఆగస్టు 1 నుంచి ఆదివారాలు, పండగలతో సహా అన్ని రోజులూ నడుస్తోంది. పాత లోన్ అలవాటుతో "ఆదివారం కదా, సోమవారం ఉదయం వేద్దాం" అనుకుంటే బౌన్స్ చార్జీలు పడొచ్చు. అవి చాలాసార్లు రెండు వైపులా పడతాయి, మీ బ్యాంకు ఒకటి, లోన్ ఇచ్చిన సంస్థ ఒకటి.

డెబిట్ తెల్లవారుజామునే వచ్చినా ఆశ్చర్యం లేదు, కాబట్టి ముందు రోజు రాత్రికే డబ్బు ఖాతాలో ఉండాలి. జీతం కూడా నెలాఖరుకే పడేవాళ్లు ఇది మరీ చూసుకోవాలి. ఇంకొకటి: గడువుకు ఒకరోజు ముందు టెన్షన్ పడి చేత్తో కట్టేయకండి. డెబిట్ ఆదేశం అప్పటికే వెళ్లిపోయి ఉంటే వాయిదా రెండుసార్లు పోతుంది, ఒకటి వెనక్కి రాబట్టుకోవడానికి మళ్లీ తిరగాలి.

వడ్డీ రోజులు లెక్కపెట్టండి

C3లో `=A3-A2` అని వేస్తే రెండు వాయిదాల మధ్య రోజులు వస్తాయి. కొన్ని సంస్థలు ఏడాది వడ్డీని 12తో భాగించి ప్రతి నెలా అదే లెక్క వేస్తాయి. కొన్ని నిజంగా గడిచిన రోజులు లెక్కపెట్టి 365తో భాగిస్తాయి. మీది రెండో రకమైతే నెల పొడవు తేడా చూపిస్తుంది. రూ. 5,00,000 బాకీ, 10 శాతం వడ్డీ, వాయిదా రూ. 10,624, గడువు 5వ తేదీ అనుకోండి. 31 రోజులకు వడ్డీ రూ. 4,247, అసలులోకి రూ. 6,377 పోతుంది. 28 రోజులకైతే వడ్డీ రూ. 3,836, అసలులోకి రూ. 6,788. వాయిదా మారదు, లోపలి పంపకం మారుతుంది. ఫిబ్రవరి పొట్టి నెల కాబట్టి ఆ నెల వాయిదాలోనే ఈ లాభం కనిపించాలని చూస్తారు, కానీ ఫిబ్రవరి 5 నుంచి మార్చి 5 వరకు గడిచినవి 28 రోజులు కాబట్టి అది మార్చి వాయిదాలో కనిపిస్తుంది.

వాయిదా తప్పితే జరిగే లెక్క మాత్రం నెలల్లో కాదు, రోజుల్లో. మధ్యలో సెలవులను వదిలేయరు. ఆర్‌బీఐ 2021 నవంబరులో ఇచ్చిన ఉదాహరణ ఇది: గడువు 2021 మార్చి 31. ఆ రోజు లెక్కలు ముగించేలోపు డబ్బు పూర్తిగా అందకపోతే అదే రోజు బకాయి మొదలు. అలాగే ఉండిపోతే ఏప్రిల్ 30కి బకాయి తీవ్రతలో ఒక మెట్టు పైకి వెళ్తుంది, జూన్ 29కి మొండి బాకీ అవుతుంది. మూడు నెలలంటే జూన్ 30 కదా అనుకుంటే ఒక రోజు తేడా వచ్చేసినట్టే.

గడువు తేదీ మీకు కుదరకపోతే మార్చమని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకుంటే మధ్యలో పెరిగిన రోజులకు వడ్డీ కలుస్తుంది. పై బాకీని 5 నుంచి 10కి మారిస్తే ఆ అయిదు రోజులకు సుమారు రూ. 685. ఆటో డెబిట్ ఆదేశం కూడా కొత్త తేదీకి మారిందా, కొత్తది ఇవ్వాలా అని అప్పుడే అడిగి తెలుసుకోండి. ఆ జవాబు వచ్చేదాకా పాత తేదీకి కూడా ఖాతాలో డబ్బు ఉంచండి.