జీతం పడింది, అయినా ఇఎంఐ బౌన్స్: మూడు ఖాతాల పద్ధతిలో తప్పెక్కడ?

మా ఇంట్లో జీతం 40,000 పడే ఖాతా నుంచే రోజువారీ ఖర్చు. అందులోంచి బిల్లుల ఖాతాకు, పొదుపు ఖాతాకు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్‌తో డబ్బు దానంతట అదే వెళ్తుంది. పెట్టిన మూడో నెలలోనే బండి ఇఎంఐ బౌన్స్ అయింది.

సమస్య: జీతం వచ్చినా బిల్లుల ఖాతా ఖాళీ

కారణం తేదీల్లో ఉంది. బదిలీ 1వ తేదీకి పెట్టాం. ఆ నెల జీతం 1న సాయంత్రం పడింది, బదిలీ పొద్దున్నే ప్రయత్నించి ఫెయిలైంది. బ్యాంకు మళ్లీ పంపుతుందిలే అనుకున్నాం, పంపలేదు. 3న ఇఎంఐకి వచ్చేసరికి డబ్బు లేదు. లోన్ ఇచ్చినవాళ్లు, బ్యాంకు ఇద్దరూ చార్జీ వేశారు. 3వ తేదీ ఆదివారమైనా ఆగదు. ఖాతాలోంచి ఇఎంఐని దానంతట అదే లాగే వ్యవస్థ నాచ్, 2021 ఆగస్టు నుంచి అది సెలవు రోజుల్లోనూ పనిచేస్తోంది.

పరిష్కారం: ఆరు నెలల పాస్‌బుక్ తీసి జీతం అన్నిటికన్నా ఆలస్యంగా పడిన తేదీ చూడండి. మాకది 2. అందుకే బిల్లుల బదిలీ 4కి, పొదుపు 5కి మార్చాం. ఇఎంఐ తేదీని 7కి మార్చమని లోన్ ఇచ్చినవాళ్లను అడిగాం, ఒప్పుకున్నారు. వాళ్లు ఒప్పుకోకపోతే ఒక ఇఎంఐ అంత డబ్బు బిల్లుల ఖాతాలో ఎప్పుడూ ఉంచాలి. 4న సాయంత్రం ఆ ఖాతా బ్యాలెన్స్ ఒకసారి చూస్తే చాలు. బదిలీ ఫెయిలైనా చేత్తో పంపడానికి మూడు రోజులుంటాయి.

సమస్య: జూన్ రాగానే పొదుపులో చెయ్యి పెట్టాల్సి వస్తోంది

నెలనెలా వచ్చే బిల్లులే లెక్కేసి ఉంటారు. మాకు అద్దె 10,000, ఇఎంఐ 4,200, కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్ కలిపి 2,800. మొత్తం 17,000. స్కూలు ఫీజు 30,000, ఇన్సూరెన్స్ 18,000 ఏడాదికోసారి కట్టేవి కాబట్టి గుర్తుకే రాలేదు. ఆ 48,000ని పన్నెండుతో భాగిస్తే నెలకు 4,000. ఇప్పుడు బిల్లులకు 21,000, పొదుపుకు 5,000 వెళ్తే ఖర్చుకు 14,000 మిగులుతుంది. జనవరిలో మొదలుపెట్టినవాళ్లకు జూన్ మొదలయ్యేనాటికి ఆ 48,000లో సగం కూడా పోగవదు, మొదటి ఏడాది ఆ లోటు వేరేగా సర్దుకోవాలి.

సమస్య: పొదుపు ఖాతా నెలాఖరుకి తరుగుతోంది

ఫోన్‌లో యూపీఐకి ఆ ఖాతా లింకై ఉందేమో చూడండి. కూరగాయల బండి దగ్గర ఖర్చు ఖాతాలో 80 రూపాయలు లేకపోతే చేతివేలు పొదుపు ఖాతా మీదకి పోతుంది. యాప్‌లోంచి దాన్ని తీసేయండి, డెబిట్ కార్డు బీరువాలో పెట్టండి. వేరే బ్యాంకులో కొత్త ఖాతా తెరిచేటప్పుడు మినిమమ్ బ్యాలెన్స్ ఎంతో ముందే అడగండి. బిల్లులన్నీ పోయాక బిల్లుల ఖాతా అంతకన్నా కిందికి దిగితే కొన్ని బ్యాంకుల్లో చార్జీ పడొచ్చు.