నీళ్లు ఆరో స్థానంలోకి ఎలా పోయాయి?

మద్దిలపాలెంలో మా అపార్ట్‌మెంట్ సర్వేకు వచ్చిన 140 వ్యాఖ్యల్లోంచి ‘మరి, కూడా, అయితే’ వంటి ఊతపదాలు తీసేసి, మిగిలిన మాటలు లెక్కించి చార్టు గీశాను. రోజూ గొడవపడే నీళ్లు ఆరో స్థానంలో ఉన్నాయి! చూస్తే ‘నీళ్లు’, ‘నీళ్ళు’, ‘నీటికి’ వేర్వేరు మాటలుగా లెక్కలోకి వచ్చాయి. వాటన్నిటినీ ‘నీరు’ కింద చేర్చే పట్టిక చేత్తో రాసుకున్నాను. నీళ్లు మొదటి స్థానానికి వచ్చాయి.

మా అధ్యక్షుడు చార్టు చూసి, “లిఫ్టు బాగుందన్నమాట” అన్నారు. అసలు వ్యాఖ్యేమో ‘లిఫ్టు బాగా లేదు’. నా తీసివేత జాబితాలో ‘లేదు’ కూడా ఉంది, తప్పు నాదే. దాన్ని జాబితాలోంచి తప్పించి, ‘బాగా లేదు’ను జంటపదంగా లెక్కించాను. ‘ఆగదు’, ‘రావు’ వంటి క్రియల్లో కాదనడం మాటలోనే కలిసిపోతుంది కాబట్టి వాటిని ‘ఆగు’, ‘వచ్చు’ కింద చేర్చకుండా విడిగా ఉంచాను. ఇప్పుడు చార్టులో ఎక్కువసార్లు వచ్చిన ప్రతి మాట పక్కనా రెండు అసలు వ్యాఖ్యలు అతికిస్తున్నాను.