పాదం చదునుగా ఉంటే షూ సైజు పెంచకండి, వెడల్పు పెంచండి

చదును పాదం ఉన్నవాళ్లు కొలత కూర్చుని తీసుకుంటే మోసపోతారు. బరువు పడగానే పాదం వంపు కిందికి దిగి, పాదం కాస్త పొడవూ వెడల్పూ అవుతుంది. అందుకే సాయంత్రం పూట, కాగితం మీద నిలబడి గీత గీయించుకోండి. కూర్చున్నప్పుడు 25.7 సెంటీమీటర్లు, నిలబడితే 26.1 వచ్చిందనుకోండి, ఆ 4 మిల్లీమీటర్లే దాదాపు అర సైజు. రెండు పాదాల్లో పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి.

పక్కన బిగుతుగా ఉందని చాలామంది ఒక సైజు పెద్దది కొనేస్తారు. షాపులో హాయిగానే ఉంటుంది, నడిస్తే మడమ జారుతుంది. పైగా షూ వంగే చోటు వేళ్ల మొదళ్ల కన్నా ముందుకు పోతుంది. పొడవు సరిపోతే అదే సైజులో 2ఈ వెడల్పు అడగండి. మగవాళ్ల షూల్లో మామూలు వెడల్పు గుర్తు డి, 2ఈ అంటే అంతకన్నా వెడల్పు. ఇన్‌సోల్ బయటికి తీసి దానిమీద నిలబడండి, పాదం అంచులు దాటి పొంగితే ఆ షూ ఇరుకే.

వంపు ఎత్తుగా ఉన్నవాళ్లకు బిగుతు పక్కన కాదు, పాదం పైన. వాళ్లకు వెడల్పుతో పనిలేదు, షూకి లోతు కావాలి. లేసులు లేని షూ జోలికి పోవద్దు. నొప్పి పుట్టే చోట లేసును అడ్డంగా కాకుండా పక్క రంధ్రాల్లోంచి నేరుగా పైకి ఎక్కిస్తే ఒత్తిడి తగ్గుతుంది.