మధ్య మొత్తాలు చూసి లాటరీ నంబర్లు ఎంచుకుంటున్నారా? సమస్య - పరిష్కారం

గల్ఫ్‌లో పనిచేసే మన రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు కుర్రాళ్ల నుంచి నాకు తరచూ ఒకే రకం వాట్సాప్ మెసేజ్ వస్తుంది. ఒక గ్రాఫ్ ఫోటో, దాని కింద ఒక ప్రశ్న. మన రాష్ట్రంలో లాటరీ అమ్మకాల మీద నిషేధం ఉంది కాబట్టి ఊళ్లో ఈ టెన్షన్ తక్కువే. బయటి దేశాల్లో మాత్రం 1 నుంచి 49 వరకు ఉన్న నంబర్లలో ఆరింటిని మనమే ఎంచుకునే ఆటలు ఉన్నాయి. వాటికి ‘సిస్టమ్’ అని పట్టికలు అమ్మేవాళ్లూ ఉన్నారు. నేను లెక్కల ట్యూషన్ చెబుతాను కాబట్టి ఆ పట్టికలు చివరికి నా దగ్గరికి చేరతాయి. అందరూ వదిలేసే చెకింగ్ ఒక్కటే. అది రెండు నిమిషాల పని. దాన్ని వదిలేసి నెలనెలా జీతంలోంచి డబ్బు పోగొట్టుకుంటుంటే చూడలేక ఇది రాస్తున్నాను. టికెట్ ఎలా నింపాలి, మొత్తం ఎలా కూడాలి అన్నవి మీకు తెలుసనే అనుకుంటున్నాను.

లక్షణం

పాత ఫలితాలు తీసి, ప్రతి డ్రాలో తగిలిన ఆరు నంబర్లనూ కూడితే ఆ మొత్తాలు ఎక్కువగా 150 చుట్టూ మూగుతాయి. గ్రాఫ్ గీస్తే మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలకీ జారిపోతూ గంట ఆకారం వస్తుంది. పట్టిక అమ్మేవాళ్లు చెప్పేది ఇదే: ‘పది ఫలితాల్లో ఏడు 115కీ 185కీ మధ్యే పడుతున్నాయి, మీ టికెట్ మొత్తం కూడా అక్కడే ఉండేలా చూసుకోండి.’ కొన్నవాళ్లు అలాగే చేస్తారు. ఏళ్లు గడిచినా తేడా కనిపించదు. అప్పుడు ఫోన్ వస్తుంది: “మాస్టారండీ, గ్రాఫ్ నేనే గీశానండి, కరెక్టుగానే వచ్చిందండి. మరి నాకెందుకు తగలడం లేదండీ?”

గ్రాఫ్ నిజమే. అందుకే ఈ తప్పును పట్టుకోవడం కష్టం.

ముందుగా చూడాల్సింది

ఆ మొత్తం ఎన్ని రకాలుగా వస్తుందో లెక్కపెట్టారా? ఇదే ఆ రెండు నిమిషాల చెకింగ్.

49 నంబర్లతో చేతిలెక్క కుదరదు కాబట్టి చిన్న ఆట తీసుకుందాం. 1 నుంచి 9 వరకు నంబర్లు, అందులో మూడు ఎంచుకోవాలి. వరస ముఖ్యం కాదు, ఒక నంబరు రెండుసార్లు రాదు. ఇలా మొత్తం 84 టికెట్లు వస్తాయి. అన్నిటికన్నా చిన్న మొత్తం 6. అది 1-2-3 ఒక్క టికెట్‌తోనే వస్తుంది. పెద్ద మొత్తం 24, అది 7-8-9 ఒక్కదానితోనే. ఇప్పుడు మధ్యలో ఉన్న 15 చూడండి: 1-5-9, 1-6-8, 2-4-9, 2-5-8, 2-6-7, 3-4-8, 3-5-7, 4-5-6. మొత్తం ఎనిమిది.

గంట ఆకారానికి కారణం ఇంతే. మొత్తం బాగా చిన్నది కావాలంటే మూడూ ఒకేసారి చిన్నవి పడాలి, దానికి దారి ఒక్కటే. మధ్య మొత్తానికి ఒకటి చిన్నదైతే ఇంకొకటి పెద్దదై సర్దేస్తుంది, అలా సర్దుకోవడానికి దారులు చాలా ఉంటాయి. డ్రా తీసే యంత్రానికి మొత్తం అంటే ఏమిటో తెలియదు. అది 84 టికెట్లలో ఒకదాన్ని తీస్తుంది, కూడుకునేది మనం.

49లో ఆరు ఆటలోనూ ఇదే జరుగుతుంది, అంకెలు పెద్దవి అంతే. మొత్తం టికెట్లు 1,39,83,816. 1 నుంచి 49 వరకు నంబర్ల సగటు 25, ఆరు నంబర్లు కాబట్టి మొత్తాల సగటు 150. మొత్తం 21 ఇచ్చే టికెట్ ఒక్కటే, 1-2-3-4-5-6. మొత్తం 150 ఇచ్చేవి లక్షా 65 వేలకు పైగా ఉన్నాయి. పాత ఫలితాల్లో 150 కనిపించి 21 కనిపించకపోవడంలో వింతేమీ లేదు.

అసలు కారణం: వడపోత లెక్క

ఇంతవరకూ చెబితే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకున్నాక కూడా ఒక వాదన మిగిలిపోతుంది. లెక్కలు బాగా వచ్చినవాళ్లు సైతం ఇక్కడే బోల్తా పడతారు కాబట్టి దీన్ని నిదానంగా చూడాలి.

వాదన ఇలా ఉంటుంది: ‘సరే, ప్రతి టికెట్‌కీ అవకాశం సమానమే. కానీ 115 కన్నా తక్కువ, 185 కన్నా ఎక్కువ మొత్తాలు ఎలాగూ అరుదు. వాటిని తీసేస్తే కోటీ నలభై లక్షల టికెట్లలో దాదాపు కోటి మిగులుతాయి. కోటిలో ఒకటి అంటే కోటీ నలభై లక్షల్లో ఒకటి కన్నా మెరుగే కదా?’

వినడానికి తిరుగు లేనట్టే ఉంటుంది. లోపం ఎక్కడుందో మన 84 టికెట్ల ఆటలో పట్టుకుందాం. 12 నుంచి 18 వరకు మొత్తాలున్న టికెట్లు 52. మిగతా 32 తీసేశాం. ఇప్పుడు నా టికెట్ 2-5-8, మొత్తం 15. నా అవకాశం 52లో ఒకటి అయిందా?

84 డ్రాలు జరిగాయనుకోండి. సగటున 52 డ్రాల ఫలితం ఆ మధ్య భాగంలో పడుతుంది. ఆ 52 సార్లలో నా 2-5-8 సగటున ఒక్కసారి వస్తుంది. మిగిలిన 32 డ్రాల ఫలితం బయట పడుతుంది, అప్పుడు నాకు వచ్చేది సున్నా. అంటే 84 డ్రాలకి ఒక్కసారి. వడకట్టక ముందూ అంతే. 52లో ఒకటి అన్న లెక్క చెల్లాలంటే ‘ఫలితం మధ్యలోనే పడింది’ అని ముందుగా ఎవరైనా మనకు చెప్పాలి. టికెట్ కట్టే రోజున ఆ కబురు మన దగ్గర ఉండదు. కాగితం మీద టికెట్లు కొట్టేసింది మనమే, డ్రా యంత్రంలో మాత్రం బంతులన్నీ అలాగే ఉన్నాయి.

లెక్కగా రాస్తే:

```
(52/84) × (1/52) = 1/84
```

మొదటి భాగం, ఫలితం మధ్యలో పడే అవకాశం. వడపోత దాన్ని పెద్దగా చూపిస్తుంది. రెండోది, మధ్యలో పడ్డాక అక్కడున్న టికెట్లలో మనదే వచ్చే అవకాశం. మధ్య భాగం ఎంత పెద్దదైతే అక్కడ పోటీ అంత ఎక్కువ. ఆ రెంటిలో 52 పైనా ఉంది, కిందా ఉంది, కొట్టుకుపోతుంది. బయట పారేసిన 1-2-3కి కూడా ఇదే లెక్క వేయండి, మళ్లీ 84లో ఒకటే.

మన మండలంలోనే పెట్టి చూడండి. మండలంలోని రేషన్ కార్డులన్నీ ఒక డబ్బాలో వేసి ఒకటి తీస్తే, గెలిచిన కార్డు గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామానిది కాకుండా టౌనుది అయ్యే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే టౌనులో కార్డులు ఎక్కువ. అలాగని లంకలో ఉన్నాయన తన కార్డు అడ్రసు టౌనుకి మార్చుకుంటే ఆయన కార్డు బయటికి వచ్చే అవకాశం పెరగదు. డబ్బాలో ఆయనది అప్పుడూ ఒక కార్డే, ఇప్పుడూ ఒక కార్డే.

ఇదే తప్పు ఇంకో వేషంలోనూ వస్తుంది. ‘మొత్తం 21 ఇంతవరకూ ఒక్కసారి కూడా రాలేదు, 150 మాత్రం వస్తూనే ఉంది’ అంటారు. వారానికి రెండు డ్రాలు జరిగే ఆటలో 150 అనే మొత్తం సగటున పది నెలలకోసారి వస్తుంది. 21 అనే మొత్తం సగటున లక్షా 34 వేల ఏళ్లకోసారి. అంకెలు చూసి 150 వైపు పరుగెత్తే ముందు ఇంకొక్కటి కూడా లెక్కవేయండి: 150 మొత్తం వచ్చే మీ టికెట్, అవే ఆరు నంబర్లతో, ఎన్నేళ్లకోసారి రావాలి? అది కూడా లక్షా 34 వేల ఏళ్లకోసారే. పది నెలలకోసారి వచ్చేది ఆ మొత్తం ఉన్న లక్షా 65 వేల పైచిలుకు టికెట్లలో ఏదో ఒకటి.

మీ పట్టికలో ఈ లోపం ఉందో లేదో తెలుసుకోవాలంటే, ‘ఎన్ని ఫలితాలు మధ్యలో పడ్డాయి’ అన్న వరుస పక్కనే ‘అన్ని టికెట్లలో ఎంత శాతం మధ్యలో ఉన్నాయి’ అన్న వరుస కూడా రాయండి. 115 నుంచి 185 మధ్య ఫలితాలు 70 శాతానికి కాస్త పైన ఉంటాయి, టికెట్లు కూడా అంతే శాతం ఉంటాయి. ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తే దాదాపు 1 వస్తుంది. వంద రెండు వందల డ్రాలే తీసుకుంటే కొంచెం అటూ ఇటూ ఊగుతుంది, దాన్ని పట్టించుకోకండి. పట్టిక అమ్మేవాళ్లు ఆ రెండో వరుస చూపించగా నేను ఇంతవరకూ చూడలేదు.

‘నాకు చిన్న ప్రైజులు మధ్య మొత్తాలకే తగిలాయి’ అనేవాళ్లు కూడా ఇదే పని చేయాలి. మీరు కట్టినవన్నీ మధ్య టికెట్లే అయితే, తగిలింది వాటికి కాక దేనికి తగులుతుంది?

పరిష్కారం

మొత్తం కూడటం మానేయండి. ఒక డ్రాలో రెండు వేర్వేరు టికెట్లు కడితే మొదటి బహుమతి అవకాశం రెండింతలు, పది కడితే పదింతలు, అవి ఆ గంట ఆకారం గ్రాఫ్‌లో ఎక్కడున్నా సరే. ఖర్చు కూడా అదే లెక్కన పెరుగుతుంది. పట్టికకీ యాప్‌కీ పెట్టే డబ్బు మాత్రం పూర్తిగా దండగ.

నంబర్ల ఎంపికతో నిజంగా మారేది ఒకటి ఉంది: తగిలితే ఎంతమందితో పంచుకోవాలి అన్నది. బ్రిటన్ జాతీయ లాటరీలో 1995 జనవరి 14న 7, 17, 23, 32, 38, 42 పడ్డాయి. అప్పట్లో అది 49లో ఆరు ఆటే. మొత్తం కూడి చూడండి, 159, గంటకి దాదాపు నడిబొడ్డున ఉంది. దాన్ని 133 మంది పంచుకున్నారు. కోటీ 60 లక్షల పౌండ్లకు పైగా ఉన్న బహుమతిలో ఒక్కొక్కరికీ వచ్చింది సుమారు లక్షా 22 వేల పౌండ్లు. అలాగని అంచుకి పరుగెత్తి 1-2-3-4-5-6 రాయకండి, దాన్నీ చాలామంది రాస్తారు. పుట్టినరోజులు రాసేవాళ్లు ఎక్కువ కాబట్టి 31 లోపు నంబర్లతోనే నింపిన టికెట్లకూ పంచుకునేవాళ్లు ఎక్కువ ఉంటారు. నంబర్లను యంత్రానికే వదిలేస్తే ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది. తగిలే అవకాశం మాత్రం దీనివల్ల కూడా మారదు.

అరుదైనవి

మీ గ్రాఫ్ శిఖరం 150 దగ్గర కాకుండా 175 దగ్గర ఉంటే, బోనస్ బంతిని కూడా కలిపి ఏడు నంబర్లు కూడేశారన్నమాట. దాన్ని తీసేసి మళ్లీ కూడండి.

బంతుల్లో మోసం ఉందేమో అంటారా? జరగలేదని కాదు. 1980లో అమెరికాలోని పెన్సిల్వేనియా లాటరీలో 4, 6 తప్ప మిగతా బంతుల్లోకి రంగు ఎక్కించి బరువు పెంచారు, 666 పడింది, మోసగాళ్లు దొరికిపోయారు. అలాంటిది పట్టుకోవాలంటే ఏ బంతి ఎన్నిసార్లు వచ్చిందో విడివిడిగా లెక్కపెట్టాలి. మొత్తాల గ్రాఫ్‌లో అది సులువుగా దాక్కుంటుంది, ఒక పెద్ద నంబరూ ఒక చిన్న నంబరూ కలిసి ఎక్కువగా వచ్చినా మొత్తం మధ్యలోనే ఉండిపోతుంది.