ఫోన్ స్పెక్ షీట్ చదవడం – 4వ పాఠం: నక్షత్రం గుర్తు కింద ఏముంది?

ఈసారి డిస్‌ప్లే గురించి చెబుతానన్నాను. అది వచ్చే పాఠానికి పోయింది. పోయినసారి ఇచ్చిన రెండు ఫోన్లలో ఏది మేలని అడిగితే, జవాబు పంపినవాళ్లలో ఎక్కువమంది 6 జీబీ ర్యామ్ కన్నా 12 పెద్దది కదా అని మొదటిదానికే ఓటేశారు. మారతహళ్ళిలో మా పీజీ పై గదిలో ఉండే హిందూపురం తమ్ముడు ఓటుతో ఆగలేదు, అలాంటి ఫోనే కొనుక్కొచ్చాడు. "అన్నా, పన్నెండు జీబీ అని రాసుంది, కానీ ఓటీపీ చూసి వెనక్కి వచ్చేసరికి పేమెంట్ యాప్ మళ్లీ మొదటినుంచి తెరుచుకుంటోంది" అన్నాడు. తప్పు నాది. "ర్యామ్ ఎదురుగా ఉన్న అంకె రాసుకోండి" అని మాత్రమే చెప్పాను.

ఆ రెండు వరసలూ మళ్లీ చూడండి.

```
A: 12GB RAM*       64GB    eMMC 5.1
B: 6GB LPDDR4X     128GB   UFS 2.2
```

A లో 12 పక్కన చిన్న నక్షత్రం ఉంది. షీట్ అట్టడుక్కి, చీమకాళ్లంత అక్షరాల దగ్గరికి వెళ్తే దాని అర్థం దొరుకుతుంది:

```
*4GB + 8GB Virtual RAM
```

అసలు ర్యామ్ నాలుగే. మిగతా ఎనిమిదీ స్టోరేజీలోంచి కోసి పక్కన పెట్టిన జాగా. ఈ 'ప్లస్' చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, కాబట్టి కాస్త సాగదీస్తాను.

వంటగట్టు ర్యామ్ అనుకోండి, అటక స్టోరేజీ. గట్టు మీద చోటు చాలనప్పుడు ఇప్పుడు అక్కర్లేని గిన్నెల్ని అటకెక్కిస్తాం. వర్చువల్ ర్యామ్ చేసేది అదే: మీరు వాడని యాప్‌ని స్టోరేజీలోకి నెట్టి, మళ్లీ తాకినప్పుడు దించుతుంది. అటక మీద ఎంత చోటున్నా అక్కడ కూర వండలేం. పైగా నిచ్చెన ఎక్కి దిగాలి. B లో ఉన్న రకం ర్యామ్ సెకనుకు సుమారు 15 జీబీ అందించగలదు. A లో ఉన్న స్టోరేజీ రకం eMMC 5.1 కి కాగితం మీద గరిష్ఠ హద్దే 400 ఎంబీ. అంటే దాదాపు నలభై రెట్ల తేడా. తమ్ముడి ఫోన్‌లో కథ అదే. ఎస్సెమ్మెస్ తెరవగానే నాలుగు జీబీ నిండిపోయి, సిస్టమ్ పేమెంట్ యాప్‌ని అటకెక్కించే ఓపిక కూడా లేక ఏకంగా మూసేసింది.

రెండో నష్టం జాగా. A లో ఉన్నదే 64. సిస్టమ్‌కీ ముందే ఎక్కించి ఇచ్చిన యాప్‌లకీ పదిహేను, ఇరవై పోతాయనుకుంటే, వర్చువల్‌కి ఇంకో ఎనిమిది. మీ ఫొటోలకీ వాట్సాప్‌కీ మిగిలేది నలభైకి అటూఇటూ. అదృష్టవశాత్తూ దీన్ని ఆపేయొచ్చు: సెట్టింగ్స్ వెతుకుడు పెట్టెలో `RAM` అని కొట్టండి, స్విచ్ కనిపిస్తుంది. కంపెనీని బట్టి పేరు మారుతుంది. తమ్ముడి ఫోన్‌లో ఆపించాను. జాగా తిరిగొచ్చింది, ఓటీపీ బాధ మాత్రం పోలేదు. నాలుగు నాలుగే కదా.

వర్చువల్ పూర్తిగా దండగ అనను. అసలు ర్యామ్ ఎనిమిది ఉండి, స్టోరేజీ B లోలా యూఎఫ్‌ఎస్ రకం అయితే ఉంటే ఉండనివ్వండి. పోల్చేటప్పుడు మాత్రం దాని విలువ సున్నా అని రాసుకోండి. అలా రాస్తే A కి 4, B కి 6. స్టోరేజీ రకంలోనూ B దే పైచేయి, ఎందుకంటే UFS 2.2 చదివే వేగం సెకనుకు వెయ్యి ఎంబీ దరిదాపుల్లో ఉంటుంది.

స్టోరేజీ రకం షీట్‌లో అసలు రాయకపోతే? నేను eMMC అనే లెక్కేసుకుంటాను. యూఎఫ్‌ఎస్ పెట్టినవాడు ఆ మాట దాచుకోడు. ఇది నియమం కాదు, నా అడ్డదారి. ఇంకొకటి: `4GB/6GB/8GB` అని మూడూ ఒకే వరసలో ఉంటే, పైన కనిపించే "ఇంత నుంచి" ధర నాలుగుదే అయ్యుంటుంది. పెట్టె మీది అంకె చూశాకే డబ్బులివ్వండి.

అభ్యాసం. ధరలో ఐదొందలకు మించి తేడా లేని రెండు ఫోన్ల షీట్లు తీసుకుని అసలు ర్యామ్, స్టోరేజీ, దాని రకం, ఈ మూడే రాయండి. నక్షత్రం కింద రాసినదాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించండి. తర్వాత బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, మీ వీధి చివరి కొట్టుకో వెళ్లి, డెమో ఫోన్ బ్రౌజర్‌లో ఏదైనా ఫారం సగం నింపి వదిలేయండి. కెమెరా, మ్యాపులు, యూట్యూబ్, ఇంకో మూడు యాప్‌లు వరసగా తెరిచి బ్రౌజర్‌కి తిరిగి రండి. నింపిన సగం అలాగే ఉందా, పేజీ మళ్లీ లోడ్ అయిందా? రెండు ఫోన్లలోనూ మూడేసిసార్లు చేసి రాసి పంపండి. కొట్టువాడు విసుక్కుంటే ఒక టెంపర్డ్ గ్లాస్ కొనండి, ఎలాగూ కావాలి.