‘Can't connect to camera’ అని వస్తే: తప్పు యాప్‌దా, కెమెరాదా?

ఈ మెసేజ్ చూడగానే చాలామంది ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసేస్తారు. ఫోటోలు పోతాయి, సమస్య అలాగే ఉండిపోతుంది. దయచేసి రీసెట్ దాకా వెళ్లకండి. ముందు తప్పు ఎవరిదో తేల్చుకోవాలి.

ఆండ్రాయిడ్‌లో ఏ యాప్ కూడా కెమెరాను నేరుగా తీసుకోలేదు. మధ్యలో కెమెరా సర్వీస్ అని ఒకటి ఉంటుంది, యాప్‌లన్నీ దాన్నే అడగాలి. ఒక కెమెరాను అది మామూలుగా ఒకసారి ఒక్క యాప్‌కే ఇస్తుంది. కాబట్టి కెమెరా యాప్ తెరిచినప్పుడు ఈ మెసేజ్ వచ్చిందంటే, చాలాసార్లు ఆ కెమెరాను వేరే యాప్ పట్టుకుని అయినా ఉండాలి, లేదా సర్వీస్ పిలిచినా కెమెరా పలకకపోయి అయినా ఉండాలి.

రీస్టార్ట్ చేస్తే కాసేపు పనిచేసి, మళ్లీ ఆగుతోందా?

అలా అయితే ముందు యాప్‌లనే అనుమానించండి. మా బాబాయి ఫోన్ సరిగ్గా ఇలాగే చేసేది. పొద్దున బాగుంటుంది, బండి మీద పనికి వెళ్లొచ్చాక కెమెరా రాదు. "ఏరా, ఎండకి పాడైందంటావా?" అని అడిగాడు. ఫోన్ బాగా వేడెక్కితే కెమెరా ఆగే మాట నిజమే కానీ, అప్పుడు సాధారణంగా వేడి గురించి వేరే హెచ్చరిక వస్తుంది. ఆయన స్క్రీన్ పైన కుడి మూల చిన్న ఆకుపచ్చ చుక్క ఉంది. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఏదో ఒక యాప్ కెమెరాగానీ మైక్‌గానీ వాడుతుంటే ఆ చుక్క కనిపిస్తుంది. పై నుంచి కిందికి లాగి దాన్ని నొక్కితే యాప్ పేరు చూపించింది: దారి పొడవునా వీడియో తీసే డ్యాష్‌క్యామ్ యాప్. ఇంటికొచ్చినా అది ఆగలేదు.

ఆండ్రాయిడ్ 9 నుంచి, వెనకాల ఖాళీగా పడి ఉన్న యాప్‌కు కెమెరా అందదు. అందుకే నోటిఫికేషన్ పెట్టుకుని నడుస్తున్నవాటిని, తెర మీద చిన్న కిటికీలా తేలే వీడియో కాల్‌ను ముందు చూడండి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు ఫోర్స్ స్టాప్ కొట్టి కెమెరా తెరవండి. వచ్చేస్తే దొంగ దొరికినట్టే. ఆ యాప్‌కు కెమెరా పర్మిషన్ తీసేయండి, అవసరం లేకపోతే యాప్‌నే తీసేయండి.

చుక్క కనిపించకపోతే, ఫోన్ డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, adb అనే టూల్ ఉన్న కంప్యూటర్‌కు కలిపి, కమాండ్ విండోలో ఇది కొట్టండి:

```
adb shell dumpsys media.camera
```

అందులో `Active Camera Clients` దగ్గర కెమెరాను పట్టుకున్న ప్యాకేజీ పేరు ఉంటుంది. కంప్యూటర్ లేకపోతే సేఫ్ మోడ్ చాలు. పవర్ మెనూలో `Power off` మీద వేలు అలాగే నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో ఆ ఆప్షన్ వస్తుంది. సేఫ్ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లు నడవవు, ఫోన్‌తో వచ్చిన కెమెరా నడుస్తుంది. అక్కడ ఎక్కువసేపు వాడినా బాగా పనిచేస్తే తప్పు చాలావరకు మనం వేసిన యాప్‌లలోనే ఉంటుంది. ఈమధ్య వేసినవాటి నుంచి ఒక్కొక్కటీ తీసి చూడండి.

సేఫ్ మోడ్‌లోనూ రావడం లేదా?

ముందు కెమెరా యాప్ స్టోరేజ్‌లో క్యాషే క్లియర్ చేసి చూడండి. దానికీ లొంగకపోతే ఇక హార్డ్‌వేర్ వైపు చూడాలి.

మా అక్క ఫోన్ స్కూటీ డిక్కీలోంచి జారి రోడ్డు మీద పడింది. గ్లాస్ పగల్లేదు, కానీ వెనక కెమెరా తెరిస్తే కాసేపు నల్లగా ఉండి ఈ మెసేజ్ వచ్చేది. సెల్ఫీ కెమెరా మాత్రం చక్కగా పనిచేసేది. వీడియో కాల్‌లో వెనక కెమెరాకు మార్చినా అదే తీరు. అన్ని యాప్‌లలోనూ ఒకే కెమెరా మొరాయిస్తుంటే అది యాప్‌ల గొడవ అయ్యే అవకాశం తక్కువ. ఇంకో గుర్తు, టార్చ్ బటన్ కూడా బూడిద రంగులోకి మారి నొక్కుడు పడలేదు. చాలా ఫోన్లలో టార్చ్ కూడా కెమెరా సర్వీస్ ద్వారానే వెలుగుతుంది, అందుకే కెమెరాతో పాటు అదీ పోవచ్చు.

కెమెరా పక్కన వెనక మూత మీద బొటనవేలితో మెల్లగా అదిమితే ఒకటి రెండుసార్లు బొమ్మ వచ్చింది. అంటే మాడ్యూల్ చావలేదు, దాని సన్నటి ఫ్లెక్స్ రిబ్బన్ బోర్డు మీది కనెక్టర్‌లోంచి కాస్త లేచింది. రిపేర్ అతను మూత తీసి, కనెక్టర్ శుభ్రం చేసి మళ్లీ నొక్కి కూర్చోబెట్టాడు. కొత్త కెమెరా కొనాల్సిన పని పడలేదు.

ఒక్క జాగ్రత్త. వెనక మూత ఉబ్బినట్టు లేచి ఉంటే అస్సలు అదమకండి. అది బ్యాటరీ ఉబ్బు కావచ్చు, ఛార్జింగ్ పెట్టకుండా నేరుగా షాపుకు తీసుకెళ్లండి.

షాపుకు వెళ్లినప్పుడు "కెమెరా పనిచేయట్లేదు" అని ఊరుకోకుండా, ఏ కెమెరా రావట్లేదో, సేఫ్ మోడ్‌లో ఏమైందో, టార్చ్ వెలుగుతోందో లేదో చెప్పండి. ముందు కనెక్టర్ తీసి పెట్టి చూడమనండి. అలా చేసినా రాకపోతే అదే మోడల్‌ది పనిచేసే మాడ్యూల్ ఒకటి తగిలించి చూడమనండి. దానితో వస్తే పాత మాడ్యూల్ పోయినట్టు. దానితోనూ రాకపోతే లోపం చాలావరకు బోర్డులో ఉన్నట్టు, అప్పుడు కొత్త కెమెరాకు డబ్బు పెట్టకండి.